మాట లేకుండా వచ్చిన సెల్ఫీ ఏమడుగుతోంది?

కార్తీక మాసంలో ఒక ఆదివారం సాయంత్రం మా కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి ఒక సెల్ఫీ వచ్చింది. పంపింది మా పిన్ని కూతురు. 23 ఏళ్లు, నెల్లూరులో ఉద్యోగం, మాగుంట లేఅవుట్‌లో హాస్టల్. ఫొటోలో ఆమె ముఖం, గాలికి చెదిరిన జుట్టు, వెనక మైపాడు సముద్రం. కింద ఒక్క అక్షరం కూడా లేదు.

పావుగంటలో నాలుగు జవాబులు వచ్చాయి. కావలి నుంచి మా అత్త, "బాగా సన్నబడ్డావే, ఇప్పుడు హీరోయిన్‌లా ఉండావు" అని రాసింది. ఒంగోలు నుంచి పెద్దమ్మ, "ఏందమ్మా ఇట్టా చిక్కిపోయావు, తింటన్నావా లేదా" అంది. నేను కర్నూలు రోడ్డులో ఆటో దిగుతూ, ఫొటోను సరిగ్గా చూడకుండానే ఒక మంట బొమ్మ పెట్టి "సూపర్" అనేశాను. చివర్లో తాతయ్య, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు కాబోలు, "సముద్రం కాడ చలి. స్వెట్టర్ యాడ?" అని పంపాడు.

ఆ పిల్ల జవాబిచ్చింది తాతయ్య ఒక్కడికే. అదీ వరసగా మూడు మెసేజీలు: స్వెట్టర్ బ్యాగులో ఉంది, ఫ్రెండ్స్‌తో వచ్చాను, చీకటి పడకముందే బయల్దేరతాం. మిగతా ముగ్గురికీ నీలం టిక్కులే మిగిలాయి. రాత్రి ఫోన్ చేస్తే చాలాసేపు అదీ ఇదీ మాట్లాడి, పెట్టేసే ముందు అడిగింది: "అక్కా, అంటే అంతకుముందు నేను బాగుండేదాన్ని కాదా?"

ఆమెకు అంతకు నెల ముందు టైఫాయిడ్ వచ్చింది. మూడు వారాలు జావ, ఇడ్లీ, మళ్లీ జావ. ఆరు కిలోలు తగ్గింది. ఆ ఆదివారం జబ్బు తర్వాత ఆమె మొదటిసారి సరదాగా బయటికి వెళ్లిన రోజు. ఆ సంగతి గ్రూపులో ఉన్న అందరికీ తెలుసు. ఫొటో చూసిన క్షణంలో మాత్రం తాతయ్యకు తప్ప ఎవరికీ గుర్తు రాలేదు.

ఎవరూ చెడ్డమాట అనలేదు. ముగ్గురం ప్రేమగానే రాశాం. అయినా మూడు మాటలూ ఆ పిల్లకు చేరాల్సిన తీరులో చేరలేదు. ఎందుకో చూడాలంటే, మాట లేని ఫొటో అసలు ఎలాంటి మాటో ముందు చూడాలి.

జంటలో మొదటి సగం మాత్రమే

సంభాషణల మీద పరిశోధన చేసేవాళ్లు ఒక సంగతి చెబుతారు. మనం మాట్లాడే మాటల్లో చాలా భాగం జంటలుగా వస్తాయి. ప్రశ్నకు జవాబు, పలకరింపుకు పలకరింపు, పిలుపుకు రావడమో రాలేననడమో. 1973లో షెగ్లాఫ్, సాక్స్ అనే అమెరికా సామాజిక శాస్త్రజ్ఞులు దీన్ని వివరంగా రాశారు. జంటలో మొదటి సగం వినపడగానే రెండో సగం ఏ రకంగా ఉండాలో మనకు తెలిసిపోతుంది. "ఎట్టుండావు?" అంటే "బాగుండా" అంటాం. రెండో సగం రాకపోతే ఆ లోటు కూడా ఒక మాటలాగే వినిపిస్తుంది. పలకరించినా పలక్కుండా పోయినవాణ్ని ఊళ్లో ఎన్నాళ్లు గుర్తుపెట్టుకుంటారో మనకు తెలుసు.

సెల్ఫీ పంపడం కూడా మొదటి సగమే. దానికి ఏదో ఒకటి తిరిగి రావాలని పంపినవాళ్లకూ అందుకున్నవాళ్లకూ తెలుసు. చిక్కేమిటంటే, అది ఏ జంటలో మొదటి సగమో ఫొటో మీద రాసి ఉండదు.

నెల్లూరు వాళ్లకు ఇది రొట్టెల పండుగతో చెబితే తేలిక. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగినవాళ్లు ఏ రొట్టె కావాలో పైకే చెప్పి అడుగుతారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె. కోరిక తీరినవాళ్లు అదే పేరుతో రొట్టె తెచ్చి ఇస్తారు. అడిగేవాళ్లకూ ఇచ్చేవాళ్లకూ మధ్య పొరపాటు పడే సందు తక్కువ. మాట లేని సెల్ఫీ పంపినవాళ్లు చెరువులో దిగి చెయ్యి చాపారు గానీ ఏ రొట్టె కావాలో చెప్పలేదు. మనమేమో చేతికి అందిన రొట్టె పెట్టేస్తాం. చాలాసార్లు ఆ చేతికి అందేది "అందం రొట్టె". ఫొటోలో పెద్దగా కనిపించేది ముఖమే కాబట్టి, మాట కూడా ముఖం గురించే ఉండాలని మనసు తేల్చేసుకుంటుంది.

అదే ఫొటో, వేరువేరు పనులు

మా చెల్లెలి ఫొటో చేసిన పని కబురు చెప్పడం: నేను కోలుకున్నాను, బయటికి వచ్చాను. ఫొటోలో ముఖం ఉంది, కానీ విషయం సముద్రం. దూరంగా ఉన్నవాళ్లు ఇలా కబురు పంపుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. "చేరాను" అని రాసే బదులు బస్సు కిటికీ పక్కన కూర్చున్న ముఖం పంపుతారు. బెంగళూరులో ఉన్న కొడుకు పొద్దున్నే కాఫీ గ్లాసుతో సెల్ఫీ పంపితే, అది "అమ్మా, లేచాను" అని వాకిట్లోంచి పిలిచినట్టు. దానికి "గడ్డం గీసుకోరా" అని జవాబిస్తే, పిలిచిన పిలుపు అలాగే గాల్లో ఉండిపోతుంది. అమ్మలు ఆ మాటే అంటారనుకోండి, అది వేరే సంగతి.

కొన్ని సెల్ఫీలు నిజంగానే రూపం గురించి అడుగుతాయి. కొత్త కళ్లజోడు, కత్తిరించిన జుట్టు, పెళ్లికి కుట్టించుకున్న జాకెట్. అడగడానికి మొహమాటపడి ఫొటో మాత్రం పెడతారు. "ఎట్టుంది?" అని నోటితో అడిగితే, బాగా లేదనే జవాబుకు కూడా సిద్ధపడాలి. ఏమీ రాయకుండా పెడితే, జవాబు నచ్చకపోయినా "నేనేం అడగలేదే" అనుకునే దారి ఒకటి ఉంటుంది. మౌనం ఇక్కడ ఒక రక్షణ. పంపినవాళ్లు కావాలని మనల్ని పరీక్షిస్తున్నారని అనుకోనక్కర్లేదు. తన ప్రశ్నేమిటో పంపిన మనిషికే ఇంకా తేలి ఉండకపోవచ్చు.

వీటిని విడదీయడానికి ఫొటోలోనే కొన్ని ఆనవాళ్లు దొరుకుతాయి. ముఖం వెనక చోటు మిగిల్చి తీశారంటే చోటు కూడా చెప్పాలనుకున్నారు. తల పక్కకు తిప్పి జుట్టు కనపడేలా, లేదా భుజం ముందుకు పెట్టి జాకెట్ చేతులు కనపడేలా తీశారంటే చూడాల్సిందేదో చూపిస్తున్నట్టే. ఒకే భంగిమలో మూడు ఫొటోలు వస్తే, ఏది బాగుందో తేల్చమని అడుగుతున్నట్టు. 11 మంది ఉన్న గ్రూపులో పెట్టినదాన్ని కబురుగా తీసుకోవచ్చు. అదే ఫొటో గ్రూపులో పెట్టకుండా ఒక్కరికే పంపితే, ఆ ఒక్కరి అభిప్రాయమో తోడో కావాలి. వచ్చిన వేళ కూడా ఎంతో కొంత చెబుతుంది. రాత్రి పదకొండున్నరకు హాస్టల్ గది లైటు కింద తీసిన ముఖం చాలాసార్లు "నిద్ర పట్టడం లేదు" అని చెబుతుంది.

ఇవన్నీ ఆనవాళ్లే. ఏ ఒక్కటీ రుజువు కాదు.

"ఇప్పుడు" అన్న ఒక్క ముక్క

మా అత్త వాక్యానికి తిరిగి వద్దాం. "బాగా సన్నబడ్డావే, ఇప్పుడు హీరోయిన్‌లా ఉండావు." ఆమె మెచ్చుకుంది. ఆ పిల్లకు మాత్రం "అంతకుముందు లావుగా ఉండి బాగుండేదానివి కాదు" అని వినపడింది. అత్త ఆ మాట అనలేదు కదా అని వాదించవచ్చు. అనలేదు, నిజమే. కానీ మాటలో ఉన్నదొకటి, మాట మోగించేదొకటి. మన అలంకార శాస్త్రం దీన్నే ధ్వని అంది. 1975లో అచ్చయిన ఒక వ్యాసంలో ఇంగ్లండ్ తత్వవేత్త పాల్ గ్రైస్ దీన్ని మామూలు సంభాషణకు అన్వయించి చెప్పాడు. ఎదుటివాళ్లు అవసరం లేని మాట వాడరని మనం నమ్ముతాం, అందుకే వాడిన ప్రతి మాటకూ ఒక కారణం వెతుకుతాం. "హీరోయిన్‌లా ఉండావు" అంటే సరిపోయేది. "ఇప్పుడు" ఎందుకు వచ్చినట్టు? ఆ కారణం వెతుక్కుంటూ వెళ్లిన మనసు నెల కిందటి ఒంటి దగ్గర ఆగుతుంది.

బరువు గురించిన మెచ్చుకోలులో ఈ పోలిక దాదాపు తప్పదు. సన్నబడ్డావు అనాలంటే ముందు లావుగా ఉండాలి. పైగా ఆ బరువు ఎందుకు తగ్గిందో మెచ్చుకునేవాళ్లకు గుర్తుండకపోతే, మెప్పు పోయి పోయి జ్వరానికి తగులుతుంది. టైఫాయిడ్‌తో పోయిన బరువు తిండి పడగానే చాలావరకు తిరిగి వస్తుంది, రావాలి కూడా. అప్పుడా పిల్ల ఏమనుకోవాలి? పెద్ద జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు బాగా ఊడటం కూడా మామూలే. అప్పుడొచ్చే సెల్ఫీకి ఎవరేమంటారో అన్న టెన్షన్ ఇప్పుడే మొదలవుతుంది.

2009లో అమెరికాలో కాలొగెరో, ఆమె సహచరులు అమ్మాయిల మీద చేసిన ఒక అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. రూపం గురించిన మెప్పు అందుకున్నప్పుడు ఎక్కువ సంతోషపడేవాళ్లలోనే, తమ ఒంటిని బయటివాళ్ల కళ్లతో పదేపదే చూసుకునే అలవాటు, ఒంటిమీద అసంతృప్తి ఎక్కువగా కనిపించాయి. మెప్పు వల్లే అసంతృప్తి పుట్టిందని దీనితో తేలదు. అసంతృప్తి ఉన్నవాళ్లకే మెప్పు ఎక్కువ తీపిగా తగలవచ్చు. మెచ్చుకోలు ఎప్పుడూ హాయినే ఇస్తుందన్న మన ధీమాను ఒకసారి ఆలోచించుకోవడానికి మాత్రం ఇది చాలు.

మెప్పు తెచ్చే ఇంకో చిన్న ఇరకాటం ఉంది. "బాగున్నావు" అంటే ఏమనాలి? ఒప్పుకుంటే తనను తాను పొగుడుకున్నట్టు, కాదంటే ఎదుటివాళ్ల మాట కొట్టేసినట్టు. అనితా పోమెరాంట్జ్ 1978లో ఈ ఇరకాటం గురించే ఒక వ్యాసం రాశారు. తెలుగువాళ్లం మధ్యేమార్గంగా మెప్పును పక్కకు తోసేస్తాం: "చీర అట్టాంటిదిలే", "ఫోన్ కెమెరా మంచిదిలే", "ఏదో లే అక్కా". అందుకే రూపాన్ని మెచ్చుకున్న జవాబు కింద సంభాషణ రెండు మాటల్లో ఆగిపోతుంటుంది. తాతయ్య స్వెట్టర్ ప్రశ్నకు ఈ బాధ లేదు. ఉంది అనో లేదు అనో చెప్పి, ఆపైన కబుర్లు చెప్పుకోవచ్చు.

పెద్దమ్మ "చిక్కిపోయావు" అసలు దేని గురించి

పెద్దమ్మ మాటను అత్త మాటతో కలిపి "ఇద్దరూ ఒంటి గురించే అన్నారు" అనేస్తే అన్యాయం. మా జిల్లాల్లో, బహుశా తెలుగు నేల అంతటా, పెద్దవాళ్ల నోట "చిక్కిపోయావు" అనేది రూపం మీద తీర్పు కాదు. అది పలకరింపు. సెలవులకు వచ్చిన పిల్లవాడు రెండు కిలోలు పెరిగి వచ్చినా అమ్మమ్మ అదే మాట అంటుంది. అంటూనే బుగ్గ నిమురుతుంది, అనగానే వంటింట్లోకి పోతుంది. ఆ మాటకు అర్థం ఆ చేతిలోనూ, తర్వాత వచ్చే కంచంలోనూ ఉంది.

దీనికి దిష్టి కూడా తోడవుతుంది. పిల్లల్ని ఎదురుగా "ఎంత బాగున్నావో" అనడానికి పాతతరం జంకుతుంది. నోరు జారి అంటే, "నా దిష్టే తగిలేట్టుంది" అంటూ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తుంది. పొగడకుండా ప్రేమ చూపించాలంటే మిగిలేది ఏదో ఒక లోటు చెప్పడం: చిక్కిపోయావు, నల్లబడ్డావు, కళ్లు పీక్కుపోయాయి. లోటు చెప్పడమంటే దాన్ని తీర్చే బాధ్యత తన మీద వేసుకోవడం కూడా.

ఆ వాక్యమే వాట్సాప్‌లోకి వచ్చేసరికి చెయ్యి లేదు, కంచం లేదు, గొంతులో మెత్తదనం లేదు. ఫొటో కింద తెల్ల గడిలో అక్షరాలు మాత్రం ఉన్నాయి. దానికితోడు పక్కనే అత్త "సన్నబడ్డావు, బాగుండావు" అంది. ఒక ముఖానికి ఒకే నిమిషంలో రెండు ఎదురు తీర్పులు. 23 ఏళ్ల పిల్ల ఆ రెండింటినీ మార్కుల్లాగే చదువుకుంది. ఆ పిల్ల చదివిన తీరు తప్పంటే నేను ఒప్పుకోను. పెద్దమ్మ రాసిన తీరు తప్పన్నా ఒప్పుకోను. ఎదురుగా ఉన్న మనిషి కోసం పుట్టిన మాట అక్షరాల్లోకి వచ్చేసరికి సగం ఒలికిపోయింది, అంతే.

ఫొటోలో ఉన్నది ఆ ముఖమేనా?

రూపం గురించి ఏదైనా అనేముందు ఇంకో సంగతి ఉంది. సెల్ఫీలో కనిపించే ముఖం, ఎదురుగా నిలబడితే కనిపించే ముఖం ఒకటి కాదు.

లెక్క చిన్నదే. ముక్కు కొన నుంచి చెవి దాకా, ముందు నుంచి వెనక్కి, సుమారు 12 సెంటీమీటర్లు అనుకుందాం. సెల్ఫీకి ఫోన్ ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవులు 42 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. వస్తువు ఎంత దూరమైతే ఫొటోలో అంత చిన్నది. కాబట్టి ముక్కుతో పోలిస్తే చెవులు 42కి 30 వంతున, అంటే దాదాపు 29 శాతం కుంచించుకుపోయి పడతాయి. అదే మనిషిని మీటరున్నర దూరం నుంచి ఇంకొకరు తీస్తే ముక్కు 150, చెవులు 162. తేడా 7 శాతమే. మనుషుల్ని మనం రోజూ చూసేది ఈ రెండో దూరం నుంచి. 2018లో అమెరికాలో పాస్ఖోవర్ అనే సర్జన్, ఆయన బృందం ఇలాంటి లెక్కే కట్టి, 12 అంగుళాల దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు అడుగుభాగం, 5 అడుగుల దూరం నుంచి తీసిన ఫొటోలో కంటే సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని చెప్పారు. ముక్కు బాగా లేదని ఆపరేషన్ కోసం వచ్చేవాళ్లు రుజువుగా సెల్ఫీలు చూపిస్తుండటం ఆ లెక్కకు దారితీసింది.

అద్దం సంగతి రెండోది. మన ముఖాన్ని మనం పుట్టినప్పటి నుంచి అద్దంలోనే, కుడి ఎడమలు తారుమారై చూసుకుంటాం. ఇతరులు చూసేది రెండోవైపు. 1977లో మీటా, డెర్మర్, నైట్ అనే పరిశోధకులు కొందరు అమ్మాయిలకు తమ ఫొటో రెండు రకాలుగా అచ్చువేసి చూపిస్తే, వాళ్లు అద్దంలో కనిపించే రకాన్ని ఎక్కువగా ఎంచుకున్నారు. వాళ్ల స్నేహితులు అసలు రకాన్ని ఎంచుకున్నారు. ఎవరికి ఏది అలవాటో వాళ్లకు అదే నచ్చింది. చాలా ఫోన్లలో తీసేటప్పుడు తెరమీద అద్దం బొమ్మ కనిపిస్తుంది, దాచేటప్పుడు మాత్రం కొన్ని దాన్ని తిప్పేస్తాయి, కొన్ని తిప్పవు. అలా తిరిగినప్పుడు తన సెల్ఫీ తనకే ఏదో వంకరగా అనిపిస్తుంది. అదే ఫొటో మనకు మామూలుగా ఉంటుంది.

కాబట్టి "ముఖం ఉబ్బినట్టుంది", "ముక్కు పెద్దగా పడింది" అన్న మాటలు తరచుగా ఫోన్ పట్టుకున్న చేతి పొడవు గురించే అవుతాయి. ఎవరైనా తన సెల్ఫీ చూసి బాధపడుతుంటే "నువ్వు అందంగానే ఉన్నావు" అన్న మాట కంటే ఈ లెక్క కొందరికి ఎక్కువ ఊరటనిస్తుంది. ఈ లెక్క చెప్పిన తర్వాత మా చెల్లెలు ఫోన్‌ను కిటికీ మీద ఆనించి, మూడడుగులు వెనక్కి జరిగి, టైమర్ పెట్టి తీసుకోవడం మొదలుపెట్టింది.

మూడు వాదనలు

ఇలాంటి ఫొటోకు ఏమనాలన్న దానిమీద మా ఇంట్లోనే మూడు పక్షాలున్నాయి.

అత్తది మొదటి పక్షం. "బాగుంది అనడానికి ఏం పోతది? పాపం పంపింది, రెండు మంచి మాటలు అంటే సంతోషపడతది." ఇందులో బలముంది. ఫొటో పెట్టినవాళ్లకు అన్నిటికంటే ఎక్కువ తగిలేది మౌనమే. 2014 నుంచి వాట్సాప్‌లో నీలం టిక్కులు వచ్చాక, చూసి కూడా ఏమీ అనలేదని తెలిసిపోతోంది. ఏదో ఒక మంచి మాట ఆ లోటును పూడుస్తుంది. పెళ్లికో పేరంటానికో శ్రద్ధగా తయారై ఫొటో పెడితే, రూపం మాట ఎత్తకపోవడమే వింతగా ఉంటుంది. అయితే ప్రతి ఫొటోకూ ఒకే "సూపర్" వస్తుంటే, ఆ మాట అందిందన్న రసీదు స్థాయికి దిగిపోతుంది. 2022లో మెసేజీ మీదే బొమ్మ అంటించే వీలు వచ్చాక ఈ రసీదు ఇంకా చవకైంది. నా మంట బొమ్మ ఆ బాపతే.

రెండో పక్షం మా తమ్ముడి భార్యది. ఒంటి గురించి ఎవరూ ఎవరికీ ఏమీ అనకూడదు, మంచైనా చెడైనా. జబ్బు, గర్భం, మందులు, దిగులు, వీటిలో ఏది ఒంటిని మార్చిందో బయటివాళ్లకు తెలియదు కాబట్టి నోరు మూసుకోవడమే మర్యాద అంటుంది. టైఫాయిడ్ సంగతిలో ఈ వాదన నూటికి నూరుపాళ్లు నెగ్గింది. కానీ దీన్ని చివరిదాకా లాగితే కొత్త జుట్టు కత్తిరింపు చూపించుకున్న పిల్లకు కూడా గోడ ఎదురవుతుంది. ఎంచుకున్నవాటికీ ఒంటికీ తేడా ఉంది. చీర రంగు, కళ్లజోడు ఫ్రేము ఆమె ఎంచుకున్నవి. వాటిని మెచ్చుకుంటే ఆమె ఎంపికను మెచ్చుకున్నట్టు. బరువు, రంగు, ముక్కు ఆమె ఎంచుకున్నవి కావు. ఈ గీత దగ్గర రెండు పక్షాలూ చాలావరకు కలుస్తాయి. అత్త కూడా ఒప్పుకుంది, "చున్నీ బాగుంది అనుండాల్సింది" అని.

అడిగేస్తే పోలా అంటాడు మా బావ. ఇది మూడోది. "ఏంటి విశేషం?" అంటే వాళ్లే చెబుతారు కదా. ఎక్కువ సందర్భాల్లో ఇది పనిచేస్తుంది. చెడేది స్వరం దగ్గర. "ఏంటి ఈ ఫొటో?" అన్నది నిలదీసినట్టుంటుంది. "ఎందుకు పంపావు?" అంటే పంపినందుకు సంజాయిషీ అడిగినట్టే. "యాడికి పోయినావు?" అంటే కబురు అడిగినట్టు. మూడూ ప్రశ్నలే, చేరే తీరు వేరు.

నిజంగా అభిప్రాయమే కావాలన్నప్పుడు

మైపాడు ఫొటో తర్వాత ఆరు వారాలకు అదే పిల్ల నాకొక్కదానికే ఇంకో సెల్ఫీ పంపింది. మళ్లీ మాటల్లేవు. అద్దం ముందు, పక్కకు తిరిగి, చెయ్యి కొంచెం పైకెత్తి. ఆకుపచ్చ జాకెట్, మోచేతుల దాకా చేతులు. ఆనవాళ్లన్నీ జాకెట్ వైపు చూపిస్తున్నాయి. అయినా "కొత్త జాకెట్టా?" అని మాత్రమే అడిగాను. "ఆఁ. చంక దగ్గర పట్టేసినట్టుంది కదా?" అంది.

ఇప్పుడు ప్రశ్న నోటితో వచ్చింది. ఇక్కడ "సూపర్" అంటే మోసమే. నిజం చెప్పే ముందు నేను చూసుకున్నది ఒక్కటే: మార్చుకునే వ్యవధి ఉందా? పెళ్లి గురువారం, ఆ రోజు ఆదివారం. చేతి కుట్టు లోపల అరంగుళం బట్ట వదిలి ఉంటే టైలర్ ఒక పూటలో వదులు చేయగలడు. కాబట్టి చెప్పాను, చంక దగ్గర ముడతలు పడుతున్నాయి, కుట్టు విప్పి వదులు చేయించుకో అని. అదే ఫొటో గురువారం పొద్దున కల్యాణ మండపం నుంచి వచ్చి ఉంటే, ముడతల సంగతి నిజమే అయినా ఎవరికీ పనికిరాదు. అప్పుడు చెప్పదగిన నిజాలు వేరే ఉంటాయి: రంగు బాగా కుదిరింది, జడ బాగా వేశారు, లేదా "ముహూర్తం ఎన్నింటికి?"

చూపించింది జాకెట్ కాబట్టి మాట జాకెట్ దగ్గరే ఆగింది. "చేతులు లావుగా కనపడుతున్నాయి" అన్నా, "కుట్టు బిగుతుగా ఉంది" అన్నా పోయేది ఆ టైలర్ దగ్గరికే, విప్పేది ఆ కుట్టే. కానీ మొదటి మాటలో తప్పు ఒంటిది, రెండో మాటలో కుట్టుది.

ఆనవాళ్లు పనిచేయని చోట్లు

సంబంధాల కోసం పంపే ఫొటో వీటిలో కష్టమైనది. మధ్యవర్తికి ఇవ్వబోయే ఫొటోను అమ్మాయో అబ్బాయో ముందు ఇంట్లోవాళ్లకు మాటల్లేకుండా పంపుతారు. పైకి అది "ఈ ఫొటో సరిపోతుందా?" అన్న ప్రశ్న. లోపల "నేను సరిపోతానా?" అన్నది ఉండవచ్చు. వెలుతురు తక్కువైంది, ఇంకొకటి తీసుకో అని మొదటిదానికి జవాబిస్తే రెండోదానికీ అదే జవాబుగా వినపడే ప్రమాదముంది. ఇలాంటప్పుడు అక్షరాల్లో రాసేదాని కంటే ఫోన్ చేసి చెప్పేదే నయం. గొంతు వినపడితే ఏది ఫొటో గురించో ఏది మనిషి గురించో వేరుగా తెలుస్తుంది.

రోజుకు మూడు నాలుగుసార్లు అదే ముఖం, అదే కోణం వస్తూ, "బాగున్నావు" అన్న ప్రతిసారీ కాసేపే నెమ్మదించి మళ్లీ పంపేవాళ్ల సంగతి వేరు. అక్కడ మెప్పు దప్పికకు ఉప్పునీళ్లలా పనిచేస్తుంది. లేని లోపాన్నో, ఎవరికీ పట్టనంత చిన్న లోపాన్నో తలుచుకుంటూ రోజులో గంటలు పోగొట్టుకునే మానసిక సమస్య ఒకటి వైద్యులు గుర్తించినదే. పదేపదే ధైర్యం చెప్పించుకోవడం దాని లక్షణాల్లో ఒకటి. అప్పుడు ఆ ఫొటోకు ఎలాంటి జవాబు బాగుంటుందన్న ప్రశ్న చాలదు. నాలుగు వాక్యాల మెసేజీతో అది తీరదు, మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాల్సిన విషయం.

మా గ్రూపు సంగతికొస్తే, పెద్దమ్మకు ఈ జంటలూ ధ్వనులూ నేనేమీ వివరించలేదు. అక్షరాలు కొట్టడం కష్టంగా ఉందని తనే ఈ మధ్య వాయిస్ మెసేజీలకు మారింది. మొన్న చెల్లెలు ఇంకో సెల్ఫీ పెట్టింది, ఆఫీసు మెట్ల మీద. రెండు నిమిషాల్లో పెద్దమ్మ గొంతు వచ్చింది, వెనక కుక్కర్ కూతతో సహా: "ఏందే ఇట్టా చిక్కిపోయావు, మధ్యాన్నం ఏం తిన్నావు?" అవే మాటలు. ఈసారి చెల్లెలు మెట్ల మీది టిఫిన్ డబ్బా మూత తీసి, లోపలి చేపల పులుసు ఫొటో పెట్టింది. దాని కింద కూడా ఏమీ రాయలేదు.